ఉద్యోగం చేస్తూ ట్రేడింగ్: నష్టపరిమితిని ముందు రోజు రాత్రే అమలు చేసే ప్లాన్

ప్రశ్న: పగలంతా ఆఫీసు పనిలో ఉంటాను, ఫోన్ చూసే వీలుండదు. షేర్లలో పార్ట్‌టైమ్‌గా ట్రేడ్ చేయాలంటే ప్లాన్ కాగితం మీద రాసుకోమని అందరూ చెప్తున్నారు. ఎంట్రీ రూల్స్, రోజువారీ నష్టపరిమితి ఎలా రాయాలి? మీరు నిజంగా వాడుతున్నది చెప్పండి.

జవాబు:

నా ప్లాన్ ఒకే పేజీ. అందులో మొదటి వాక్యం: "మార్కెట్ నడిచే వేళలో కొత్త నిర్ణయం ఏదీ తీసుకోను." మిగతా పేజీ అంతా ఆ వాక్యాన్ని నిలబెట్టడానికే ఉంది. రోజంతా స్క్రీన్ ముందు కూర్చునేవాళ్లు "ఇంత పోతే ఆపేస్తాను" అని రాసుకుంటే సరిపోతుంది. మనకు అంత పోయే సమయానికి మనం మీటింగ్‌లో ఉంటాం. అందుకే మన నష్టపరిమితి ముందు రోజు రాత్రి ఆర్డర్లు పెట్టేటప్పుడే అమలైపోవాలి.

ముందుగా ఎంట్రీ. రాత్రి అదే చార్టును ఇద్దరు వేర్వేరుగా చూసినా ఒకే ధర రాయగలిగితేనే అది రూల్. "ట్రెండ్ బాగుంటే కొంటాను" అన్నదానికి ఆ గుణం లేదు. నాది ఇలా ఉంటుంది: ముగింపు ధర 50 రోజుల సగటుకు పైన ఉండాలి. గత 20 రోజుల గరిష్ఠ ధరను దాటితేనే కొనుగోలు. రాబోయే ఐదు ట్రేడింగ్ రోజుల్లో కంపెనీ ఫలితాలు ఉంటే ఆర్డర్ పెట్టను. స్టాప్‌లాస్, అంటే నష్టం పెరగకుండా అమ్మేసే ధర, కొనుగోలు ఆర్డర్ మొదలయ్యే ట్రిగర్ ధరకు రెండు ఏటీఆర్‌ల కింద. ఏటీఆర్ అంటే ఆ షేరు రోజుకు సగటున ఎంత కదులుతోందో చెప్పే అంకె. నేను 14 రోజులది చూస్తాను. ఇందులో నా సొంత కనిపెట్టుడు ఏమీ లేదు. 1983లో అమెరికన్ ట్రేడర్ రిచర్డ్ డెన్నిస్ తన శిష్యులకు ఫ్యూచర్స్ కోసం నేర్పిన పద్ధతిలోనూ 20 రోజుల గరిష్ఠాన్ని దాటే బ్రేకౌట్, రెండింతల సగటు కదలిక దూరంలో స్టాప్ ఉండేవి. బ్రేకౌట్లు చాలాసార్లు విఫలమవుతాయి. కాబట్టి ఎంట్రీ కంటే ఎన్ని షేర్లు కొంటున్నామన్నదే ఎక్కువ ముఖ్యం.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఖాతాలో 2,00,000 ఉంది, ఒక్కో ట్రేడ్‌లో అర శాతం, అంటే 1,000 పోగొట్టుకోవడానికి సిద్ధం. షేరు 412 దగ్గర ముగిసింది, 20 రోజుల గరిష్ఠం 418, ఏటీఆర్ 9. ట్రిగర్ 419, అంతకు మించి ఇవ్వనని ఆర్డర్‌లో పెట్టే లిమిట్ 421, స్టాప్ 401. లెక్క ట్రిగర్ ధర మీద కాకుండా లిమిట్ ధర మీద వేయాలి, ఎందుకంటే అంతకంటే ఎక్కువకు కొనే అవకాశం లేదు. 421 నుంచి 401కి తేడా 20. 1,000ని 20తో భాగిస్తే 50 షేర్లు. పొద్దున్నే ధర 425 దగ్గర తెరుచుకుంటే ఆర్డర్ నిండదు. మళ్లీ 421కి దిగితే నిండుతుంది, అది నాకు సమ్మతమే, ఎందుకంటే లెక్క ఆ ధరకే వేశాను. సాయంత్రం దాకా నిండకపోతే ఆర్డర్ దానంతటదే రద్దవుతుంది. ధర వెంట పరుగెత్తే అవకాశం నా చేతిలోనే లేకుండా చేసేది ఆ లిమిట్.

అమ్మకం వైపు మాత్రం స్టాప్‌కు లిమిట్ పెట్టను, మార్కెట్ ధరకే అమ్మమంటాను. ధర ఒక్కసారిగా జారితే లిమిట్ ఉన్న అమ్మకం ఆర్డర్ నిండకుండా మిగిలిపోతుంది, మనకు సాయంత్రం దాకా తెలియదు. మార్కెట్ ఆర్డర్‌లో ఒక్కోసారి నాలుగు పాయింట్లు అదనంగా పోతాయి, కానీ బయటపడతాం.

ఇక రోజువారీ పరిమితి. నాది ఖాతాలో ఒకటిన్నర శాతం, ఈ ఉదాహరణలో 3,000. కొన్న ధర నుంచి కాదు, నిన్న రాత్రి ఖాతా విలువ నుంచి లెక్కపెడతాను. పైన చెప్పిన షేరు 445 దగ్గర ముగిసిందనుకోండి. స్టాప్ ఇంకా 401 దగ్గరే ఉంటే, రేపు ఒక్కరోజులో స్టాప్ దాకా పడితే ఖాతాలోంచి 44 చొప్పున 50 షేర్లకు 2,200 పోతుంది. "అది లాభమే కదా" అనుకుంటే పరిమితికి అర్థం ఉండదు. అందుకే స్టాప్‌ను అత్యధిక ముగింపు ధరకు రెండు ఏటీఆర్‌ల కిందికి పెంచుతాను. ఏటీఆర్ ఇంకా 9 అయితే కొత్త స్టాప్ 427, రేపు ఆ స్టాప్ దగ్గరే అమ్ముడైతే నష్టం 900. స్టాప్‌ను ఎప్పుడూ కిందికి దించను.

ప్రతి రాత్రి ఒకే కూడిక చేస్తాను: చేతిలో ఉన్న ప్రతి షేరుకీ ముగింపు ధర నుంచి స్టాప్ దాకా నష్టం, దానికి రేపటి ప్రతి పెండింగ్ ఆర్డర్ నష్టం. ఈ మొత్తం 2,000 దాటకూడదు. పెండింగ్ ఆర్డర్లను నిండినట్టే లెక్కపెట్టాలి. చాలామంది వదిలేసేది ఇదే. మూడు ఆర్డర్లు పెట్టి "ఒకటో రెండో తగులుతాయిలే" అనుకుంటారు. మార్కెట్ ఉత్సాహంగా తెరుచుకున్న రోజు షేర్లన్నీ కలిసే లేస్తాయి, మూడూ తగులుతాయి. మధ్యాహ్నం మొత్తం తిరగబడితే మూడు స్టాప్‌లూ కలిసే తగలవచ్చు. చేతిలో 900 చొప్పున రెండు షేర్లు ఉంటే, 1,000 రిస్కు ఉన్న కొత్త ఆర్డర్‌తో కూడిక 2,800 అవుతుంది. ఎంత అందమైన చార్టయినా ఆ రాత్రి దాన్ని పెట్టను.

పరిమితి 3,000 అయితే కూడిక 2,000 దగ్గరే ఎందుకు ఆపాలి? స్టాప్ హామీ కాదు కనుక. 445 దగ్గర ముగిసిన షేరు పొద్దున్నే 409 దగ్గర తెరుచుకుంటే 427 స్టాప్ 409కే అమ్ముడవుతుంది. 900 పోవాల్సింది 1,800 పోతుంది. రెండో షేరు కూడా తన స్టాప్ దగ్గర పోతే మొత్తం 2,700, ఇంకా పరిమితిలోనే ఉన్నాం. రెండూ అదేరోజు అలా గ్యాప్ పడితే 3,600, పరిమితి దాటుతుంది. దాన్ని ఏ కాగితమూ పూర్తిగా ఆపలేదు. ఒకే రంగంలో రెండు షేర్లు పట్టుకోకపోవడం, ఫలితాల తేదీ చూడడం దాన్ని అరుదు చేస్తాయంతే.

నా అనుభవంలో ఈ కూడిక విలువ తెలిసింది మార్కెట్ మొత్తం పడిన ఒక రోజున. సమీక్షలో కూర్చుని ఉండగా నా రెండు షేర్ల స్టాప్‌లూ తగిలాయి. సాయంత్రం ఫోన్ తీసి చూస్తే నష్టం రాత్రి కాగితం మీద రాసిన అంకెకు కొంచెం పైన, పరిమితికి బాగా కింద ఉంది. చేయాల్సింది ఏమీ మిగల్లేదు. పోయిన డబ్బుకు బాధ ఉంది గానీ తెలియని అంకెకు భయం లేదు.

3,000 దాటిన రోజు తర్వాత రెండు ట్రేడింగ్ రోజులు కొత్త ఆర్డర్లు పెట్టను. ఉన్న స్టాప్‌లు అలాగే ఉంటాయి. పోయింది వెంటనే రాబట్టాలన్న తొందర సాధారణంగా ఆ రాత్రే ఎక్కువగా ఉంటుంది.

ఇవి రాసే ముందు రెండు విషయాలు చూసుకోండి. మీ కంపెనీ నియమాలు ఉద్యోగుల ట్రేడింగ్‌పై ఏమంటున్నాయో చదవండి, కొన్ని చోట్ల ముందస్తు అనుమతి కావాలి. రెండోది, మీ బ్రోకర్ దగ్గర కొనుగోలు నిండిన వెంటనే స్టాప్ దానంతటదే పడుతుందా, అది రోజు ముగిశాక కూడా నిలిచి ఉంటుందా అన్నది ఒక్క షేరు కొని పరీక్షించండి. అలా పడకపోతే, మీరు స్వయంగా స్టాప్ పెట్టగలిగే వీలు దొరికే దాకా ఎంట్రీ ఆర్డర్ పెట్టి ఆఫీసుకు వెళ్లకండి.