‘మూడు రోజుల్లో’ అంటే ఎప్పటికి?

ప్రశ్న: పెళ్లి శుభలేఖలు డిజైన్ చేస్తుంటాను. చేసిన కార్డుల ఫొటోల కింద ‘కార్డు మూడు రోజుల్లో. రెండుసార్లు సవరణలు ఉచితం’ అని రాస్తున్నాను. సోమవారం సాయంత్రం వివరాలు పంపినవాళ్లు బుధవారమే అడుగుతున్నారు. నా లెక్కలో గురువారం. ‘లోపు’, ‘లోగా’ అని రాస్తే నయమా? సవరణ, మార్పు ఒకటేనా? శాంపిల్‌ని ఏమనాలి?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: అమ్మా, వాళ్ల లెక్క తప్పు కాదు. తెలుగువాళ్లు మొదటి రోజును కలుపుకునే లెక్కపెడతారు. పురుడు పదకొండో రోజంటే బిడ్డ పుట్టిన రోజుతో కలిపే కదా. ఆ లెక్కన సోమవారానికి మూడో నాడు బుధవారమే. మీది ఆఫీసు లెక్క, మర్నాటి నుంచి మొదలవుతుంది. అదీ తప్పనలేను. రెండూ వాడుకలో ఉన్నాయి కనకనే పేచీ.

నేడు, రేపు, ఎల్లుండి. ఈ మూడో మాట దగ్గర కాస్త ఆగుతాను. ఎల్లుండిలో ఉన్నది ‘ఎల్లి’. పూర్వం రేపటికి అసలు మాట అదే. రుక్మిణి సందేశం పంపింది, ముహూర్తం ముంచుకొచ్చింది, కృష్ణుడి జాడ లేదు. అప్పుడు పోతన ఆమె చేత అనిపించిన మాట ‘లగ్నం బెల్లి, వివాహముం గదిసె, నేలా రాఁడు గోవిందుఁడు?’ అని. లగ్నం ఎల్లి, అంటే లగ్నం రేపే. వెంటనే ‘బ్రాహ్మణుం డగ్నిద్యోతనుఁ డేటికిం దడసె?’ అని కబురు తీసుకెళ్లినవాడి మీదికి పోతుంది. గడువు దగ్గరపడ్డవాళ్ల టెన్షన్ అంతా ఆ పద్యంలో ఉంది. మీకు బుధవారం ఫోన్ చేసేవాళ్లను ఇకమీదట కొంచెం దయతో చూడండి.

మరి రేపు? దానికి తెల్లవారుజాము అని పాత అర్థం. రేపకడ, రేపుమాపు అనే మాటల్లో అది ఇంకా కనిపిస్తుంది. తెల్లవారడమే రేపు. పంచాంగంలో వారం మారేది సూర్యోదయంతోనే, అర్ధరాత్రి పన్నెండుకు కాదు. ఈ సంగతి మీ వృత్తిలో ఎక్కడ తగులుతుందో చూడండి. శుక్రవారం రాత్రి 2 గంటల 14 నిమిషాలకు ముహూర్తమైతే శుభలేఖలో ‘శుక్రవారం రాత్రి (తెల్లవారితే శనివారం)’ అని వేస్తారు. గడియారం లెక్కన అప్పటికే శనివారం వచ్చేసింది. ఇప్పటి డిజైన్లలో చోటు చాలదనో, అందం చెడుతుందనో ఆ ‘తెల్లవారితే’ ఎగిరిపోతోంది. వట్టి ‘శనివారం రాత్రి 2-14’ అని అచ్చయిన కార్డు పట్టుకుని బంధువులు ఒక రాత్రి ఆలస్యంగా దిగితే తప్పు ఎవరిది? పూలూ లతలూ తగ్గించండి గాని ఆ మాట తీయకండి.

‘లోపు’, ‘లోగా’ మీ చిక్కు తీర్చవు. ‘గురువారంలోగా’ అంటే గురువారం కూడా ఉందనుకునేవాళ్లు కొందరు, బుధవారంతో సరి అనుకునేవాళ్లు కొందరు. నేను మొదటివారి పక్షం, కానీ రెండోవారిని కాదనే ఆధారం నా దగ్గర లేదు. మనకు ‘కల్లా’ అనే చక్కని మాట ఉండగా ఎవరూ వాడరేం? ‘పేర్లు, ముహూర్తం, వేదిక వివరాలు సోమవారం అందితే గురువారం సాయంత్రం ఏడు గంటలకల్లా మొదటి ప్రూఫ్ పంపుతాం’ అని రాయండి. లెక్క అడ్వాన్సు ఇచ్చిన దగ్గర్నుంచి కాదు, వివరాలన్నీ అందిన దగ్గర్నుంచి అని కూడా అందులోనే తేలిపోతుంది. ప్రూఫ్ ఎప్పుడు, చివరి ఫైలు ఎప్పుడు అన్నవి విడివిడిగా చెప్పాలి. ‘కార్డు మూడు రోజుల్లో’ అంటే అచ్చయిన కార్డే ఇంటికొస్తుందని అనుకునేవాళ్లు ఉంటారు.

సవరణ అంటే ఉన్నదాన్ని సరిచేయడం. వాళ్లు సరిగా పంపిన పేరును మీరు తప్పు కొడితే అది మీ పొరపాటు, దాన్ని రెండుసార్ల లెక్కలో వేయకూడదు. దానికి దిద్దుబాటు అనండి. రంగు నచ్చలేదనో, తాతగారి పేరు పైకి తెమ్మనో అంటే అది మార్పు. అయితే ఉదయం మేనమామ పేరు, మధ్యాహ్నం ఫోన్ నంబరు, రాత్రి రంగు అంటూ పంపితే రెండుసార్లు ఒక్క రోజులోనే అయిపోతాయి. అందుకని ‘మార్పులన్నీ ఒకేసారి రాసి పంపితే ఒక విడత. రెండు విడతలు ఉచితం’ అనండి. వాళ్లు పంపిన వివరాల్లోనే ముహూర్తం తప్పుంటే? సవరణ అనాలో మార్పు అనాలో నేనూ తేల్చలేను. డబ్బు మాత్రం అడగకండి. ‘అన్‌లిమిటెడ్ రివిజన్లు’ అనేవాళ్ల సంగతి నేను మాట్లాడను.

శాంపిల్‌కి నమూనా, మాదిరి, మచ్చు ఏదైనా సరే. నాకు మచ్చు ఇష్టం. అందులో నిజంగా పెళ్లయినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి కల్పిత పేర్లు వేయండి. వధువు పేరు ముందు చి.ల.సౌ. చుక్కలతో సహా సరిగా ఉండాలి, అది చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతికి పొట్టి రూపం. ఒక్క మచ్చులోనైనా రాత్రి ముహూర్తం పెట్టండి.