రెండు నిలువు వరుసలను పోల్చి లెక్కించాలంటే COUNTIFS సున్నా చూపుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: రొయ్యల కొనుగోలు లెక్కల ఎక్సెల్ షీటు ఇది. C లో శాంపిల్ కౌంటు, D లో పట్టుబడి నాటి కౌంటు, E లో రైతుకు డబ్బు ఇవ్వాల్సిన గడువు, F లో ఇచ్చిన తేదీ ఉన్నాయి. కౌంటు శాంపిల్ కన్నా మూడుకు మించి పెరిగినవి లేదా డబ్బు ఆలస్యమైనవి మొత్తం ఎన్ని వరుసలో కావాలి. COUNTIFS లో ">C2:C9" అని రాస్తే 0 వస్తోంది. కొటేషన్ గుర్తులు మార్చి రాస్తే ఒక్క జవాబుకు బదులు కిందికి ఎనిమిది అంకెలు వస్తున్నాయి.

జవాబు:

నెల్లూరు దగ్గర ఒక రొయ్యల కొనుగోలు కార్యాలయంలో నేను చాలాకాలం లెక్కలు రాశాను. మీ షీటులాంటిదాని దగ్గరే ఒకసారి తలవంపులు పడ్డాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఆక్వా సంగతి తెలియనివారి కోసం ఒక మాట: కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్యే కౌంటు. అంకె పెరిగితే రొయ్య చిన్నదని అర్థం, ధర తగ్గుతుంది. శాంపిల్‌లో 60 వచ్చిన చెరువు పట్టుబడిలో 66 వచ్చిందంటే గట్టుమీద గొడవ మొదలైనట్టే.

COUNTIFS కు ఒక షరతు ఇస్తే, దానిని పరిధిలోని అన్ని గడులకూ ఒకేలా వర్తింపజేస్తుంది. "60 కన్నా ఎక్కువ" అంటే దానికి అర్థమవుతుంది. "పక్క గడిలో ఉన్నదానికన్నా ఎక్కువ" అంటే అర్థం కాదు. కొటేషన్లలో C2:C9 అని రాస్తే దాన్ని వట్టి అక్షరాలుగా చూస్తుంది. మీ గడుల్లో ఉన్నవి అంకెలు కాబట్టి ఏదీ సరిపోక 0 చూపిస్తుంది. కొటేషన్ల బయట పెడితే C లోని ఒక్కొక్క అంకెకూ విడిగా D మొత్తాన్ని లెక్కపెట్టి ఎనిమిది జవాబులు ఇస్తుంది. రెండూ మీరు అడిగినవి కావు.

ఈ చిన్న నమూనా మీద చూద్దాం. 2 నుంచి 9 వరకు వరుసలు. H1 గడిలో లెక్క చూసే తేదీ 15-06-2024 అని పెట్టాను. TODAY() వాడితే రేపు ఫైలు తెరిచినప్పుడు జవాబు మారిపోతుంది, నెలాఖరు లెక్కకు అది పనికిరాదు.

```
     C    D    E            F
2    50   52   05-06-2024   04-06-2024
3    60   66   05-06-2024   05-06-2024
4    45   44   06-06-2024   09-06-2024
5    70   75   07-06-2024   11-06-2024
6    50   53   08-06-2024
7    80   81   08-06-2024   07.06.2024
8    60   62   10-06-2024   10-06-2024
9    40   45   10-06-2024
```

మొదట కౌంటు సంగతి.

```
=SUMPRODUCT(--(D2:D9-C2:C9>3))
```

జవాబు 3 వస్తుంది: 3, 5, 9 వరుసలు. ఆరో వరుసలో తేడా సరిగ్గా మూడు, కాబట్టి అది చేరదు. ఇక్కడ D లోంచి C ని ఏ వరుసకు ఆ వరుసగా తీసివేసి, మూడు దాటిందా అని అడుగుతున్నాం. ప్రతి వరుసకూ TRUE లేదా FALSE వస్తుంది. SUMPRODUCT వీటిని అంకెలుగా ఎంచదు, అన్నింటినీ సున్నాగానే తీసుకుంటుంది. ముందున్న రెండు మైనస్ గుర్తులు TRUE ను 1 గా, FALSE ను 0 గా మారుస్తాయి. అవి మరిచిపోతే జవాబు 0 వచ్చి, మళ్లీ COUNTIFS దగ్గరికే వచ్చామా అనిపిస్తుంది. పాత ఎక్సెల్‌లో కూడా ఈ సూత్రానికి మామూలు ఎంటర్ చాలు.

ఇక "లేదా". రెండు షరతులను కూడితే సరిపోతుందని మొదట అందరూ అనుకుంటారు.

```
=SUMPRODUCT((D2:D9-C2:C9>3)+(F2:F9>E2:E9))
```

కూడికే TRUE ను 1 గా మారుస్తుంది కాబట్టి రెండు మైనస్ గుర్తులు లేకున్నా ఇది 6 అంటుంది. ఐదో వరుసలో కౌంటూ పోయింది, డబ్బూ ఆలస్యమైంది. అక్కడ 1+1 కలిసి 2 అయింది. మనకు కావలసింది వరుసల సంఖ్య గాని ఫిర్యాదుల సంఖ్య కాదు. కాబట్టి కూడిన తరువాత "సున్నా దాటిందా" అని ఇంకోసారి అడగాలి.

```
=SUMPRODUCT(--((D2:D9-C2:C9>3)+(F2:F9>E2:E9)>0))
```

ఇప్పుడు 5. చేత్తో లెక్కపెట్టినా ఈ నమూనాలో గొడవ ఉన్న వరుసలు ఐదే. ఇక్కడే ఆగిపోవాలనిపిస్తుంది. నేనూ అలాగే ఆగిపోయాను.

నెలాఖరున ఆ అంకె మా యజమానికి చెప్పి కూర్చున్నాను. రెండు రోజుల తరువాత ఇందుకూరుపేట వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చి, "నాయనా, మా చెరువు లెక్క మీ కంప్యూటర్‌లో లేదా? గడువు దాటి వారమైంది" అన్నారు. ఆయన చెరువు షీటులో ఉంది. నా లెక్కలో లేదు. మన నమూనాలోని ఆరో వరుస అలాంటిదే: గడువు దాటింది, డబ్బు ఇంకా ఇవ్వలేదు, F ఖాళీగా ఉంది. ఖాళీ గడిని పోల్చేటప్పుడు ఎక్సెల్ దాన్ని సున్నాగా తీసుకుంటుంది. తేదీ అంటే ఎక్సెల్‌కు లోపల ఒక పెద్ద అంకె. సున్నా ఆ అంకె కన్నా పెద్దది కాదు కాబట్టి FALSE. అంటే డబ్బు ఆలస్యంగా ఇచ్చినవారు లెక్కలోకి వచ్చారు, అసలు ఇవ్వనివారు జారిపోయారు. తొమ్మిదో వరుసలోనూ F ఖాళీయే, కానీ కౌంటు తేడా పుణ్యమా అని అది బయటపడింది.

మరి ఆరు జారిపోయినా మొత్తం 5 ఎలా సరిపోయింది? ఏడో వరుస చూడండి. గడువు 8వ తేదీ, డబ్బు ఇచ్చింది 7న, ఒక రోజు ముందే. కానీ తేదీని చుక్కలతో 07.06.2024 అని కొట్టారు. మనం కాగితం మీద తేదీ అలాగే రాస్తాం కదా, చేయి అలవాటు. భారతదేశపు సెట్టింగులున్న కంప్యూటర్లో ఎక్సెల్ దాన్ని తేదీగా గుర్తించదు, అక్షరాలుగా ఉంచేస్తుంది. అక్షరాలను అంకెతో పోలిస్తే ఎక్సెల్‌కు అక్షరాలే ఎప్పుడూ పెద్దవి, అందులో ఏమి రాసి ఉన్నా సరే. కాబట్టి ముందే డబ్బు అందుకున్న రైతు ఆలస్యాల జాబితాలో చేరాడు. ఉండాల్సినది ఒకటి పోయింది, ఉండకూడనిది ఒకటి వచ్చింది, మొత్తం మాత్రం కుదిరింది. ఇంతకన్నా చెడ్డ తప్పు ఇంకోటి లేదనుకుంటాను. D లో ఎవరైనా "66 కౌంటు" అని కొడితే తీసివేత కుదరక సూత్రం మొత్తం #VALUE! అని గోల చేస్తుంది, వెంటనే తెలిసిపోతుంది. పోలికలో చేరిన అక్షరాలు మాత్రం కిక్కురుమనవు.

చుక్కల తేదీలు ఉన్నాయో లేవో ముందే చూసుకోండి:

```
=SUMPRODUCT(--ISTEXT(E2:F9))
```

సున్నా రావాలి. మన నమూనాలో 1 వస్తుంది. గడి అమరిక మార్చకుండా ఉంటే కంటితోనూ పట్టుకోవచ్చు: అసలు తేదీలు గడికి కుడివైపు, అక్షరాలు ఎడమవైపు అంటుకుని ఉంటాయి. బాగుచేయడానికి F నిలువు వరుసను ఎంచుకుని, Data లో Text to Columns తెరిచి, మూడో మెట్టులో Date దగ్గర DMY పెట్టి ముగించండి. ISNUMBER పెట్టి అలాంటి గడులను సూత్రంతోనే తప్పించవచ్చు గాని, నాకది నచ్చదు. నిజంగా ఆలస్యమైన చుక్కల తేదీ కూడా దాంతో పోతుంది. F లో తేదీ వేరే సూత్రం నుంచి వస్తూ, లేనప్పుడు "" చూపిస్తుంటే ఇంకా జాగ్రత్త. చూపుకు ఖాళీగా ఉన్నా అదీ అక్షరమే, గడువు రాకముందే ఆలస్యం కింద పడుతుంది.

తేదీ బాగుచేశాక, డబ్బు ఇవ్వనివాటిని కూడా కలుపుకుంటే ఇదీ సూత్రం:

```
=SUMPRODUCT(--((D2:D9-C2:C9>3)+(F2:F9>E2:E9)
 +(F2:F9="")*(E2:E9<>"")*(E2:E9<H1)>0))
```

గుణకారం అంటే "మరియు": F ఖాళీ, E లో తేదీ ఉంది, ఆ తేదీ H1 కన్నా ముందుది. మూడూ నిజమైతేనే 1. జవాబు మళ్లీ 5 వస్తుంది, ఈసారి 3, 4, 5, 6, 9 వరుసలతో.

మధ్యలోని E<>"" భాగం అనవసరమని తీసేయకండి. రేపు ఇంకా వరుసలు వస్తాయని పరిధిని 500 వరకు పెంచారనుకోండి. కింది 491 వరుసల్లో E కూడా ఖాళీయే, ఖాళీ అంటే సున్నా, సున్నా ఏ తేదీకన్నా ముందే. ఆ భాగం లేకపోతే జవాబు 496 అవుతుంది. మా దగ్గర అలాంటి అంకె చూసి నేను నవ్వాను, యజమాని నవ్వలేదు. పరిధులన్నీ ఒకే వరుస దగ్గర ముగియాలి, ఒకటి 9 దగ్గర, ఇంకొకటి 10 దగ్గర ఆగితే #N/A వస్తుంది. D:D అని మొత్తం నిలువు వరుస ఇస్తే మొదటి వరుసలోని శీర్షికలను తీసివేయబోయి #VALUE! అంటుంది. ఆ గండం గడిచినా 10,48,576 వరుసలను తడుముతూ షీటు నత్తనడక నడుస్తుంది.

మొత్తం సరిపోయినంత మాత్రాన వరుసలు సరైనవని నమ్మకూడదు కాబట్టి, నేను G లో ఇదే షరతును ఒక్కో వరుసకు పెట్టి కిందికి లాగుతాను:

```
=--((D2-C2>3)+(F2>E2)+(F2="")*(E2<>"")*(E2<$H$1)>0)
```

G మొత్తం పై జవాబుతో కలుస్తుందా అని చూసి, తరువాత ఫిల్టరులో 1 ఉన్న వరుసలను మాత్రమే ఉంచి, రశీదుల పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే చదువుతాను. చుక్కల తేదీ బాగుచేయకముందు ఈ జాబితా తెరిచి ఉంటే, ముందే డబ్బు అందుకున్న ఏడో వరుస రశీదు చూడగానే దొరికిపోయేది.