గమ్మీ తిన్న రాత్రి నిద్రమాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: అక్కా, న్యూజెర్సీ వచ్చి కొన్ని నెలలే అయింది. ఇండియా టీమ్ కాల్స్ వల్ల నిద్ర పూర్తిగా పాడైంది. హైదరాబాద్‌లో డాక్టరు రాసిన జోల్పిడెమ్ 10 మిల్లీగ్రాముల మాత్రలు తెచ్చుకున్నాను. రూమ్మేట్ మాత్రం అవి కెమికల్స్, గంజాయి కలిపిన మిఠాయిలు అంటే గమ్మీలు, సీబీడీ ఆయిల్ నేచురల్ అంటోంది. రెండూ కలిపి వాడొచ్చా?

జవాబు: ఒకే రాత్రి రెండూ వద్దమ్మా. ఇక్కడ ఫార్మసీలో పనిచేస్తూ ఈ ప్రశ్న తరచూ వింటుంటాను. అడిగేవాళ్లలో ఎక్కువమంది అప్పటికే కలిపి వేసుకునుంటారు.

ఇబ్బంది ఎలా వస్తుందో చెప్తాను. 10 గంటలకి భోంచేసి 5 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ ఉన్న గమ్మీ తిన్నావనుకో. టీహెచ్‌సీ అంటే గంజాయిలో మత్తిచ్చే పదార్థం. పొగ తాగితే నిమిషాల్లో తెలుస్తుంది. తింటే అలా కాదు, కడుపు దాటి కాలేయంలో మారాక గానీ పని మొదలుపెట్టదు. అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. 11 అయినా ఏమీ అనిపించదు. "ఇది పనిచేయట్లేదు" అని జోల్పిడెమ్ వేసుకుంటావు. కొందరైతే ఇంకో గమ్మీ కూడా తింటారు. జోల్పిడెమ్ గంటన్నరలో పతాకస్థాయికి చేరుతుంది. గమ్మీ జోరు కూడా తిన్న రెండు నుంచి నాలుగు గంటల మధ్యే. అంటే ఒంటి గంట ప్రాంతంలో రెండూ ఒకదానిమీద ఒకటి పడతాయి. అప్పుడు బాత్‌రూమ్‌కి లేస్తే కాళ్లు తేలిపోతాయి, తల తిరిగి పడిపోవచ్చు. జోల్పిడెమ్ ఒక్కటే వేసుకున్నా కొందరు నిద్రలోనే లేచి వంట చేయడం, కారు నడపడం, తెల్లారి ఏదీ గుర్తులేకపోవడం జరిగాయి. అందుకే 2019లో ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాని మీద తీవ్ర హెచ్చరిక పెట్టించింది. పొద్దున 7కి కారెక్కితే ఇంకో చిక్కు. ఆ మాత్ర వేసుకున్నాక 7, 8 గంటలు నిద్రకి కేటాయించాలి, నువ్వు వేసుకుంది 11 దాటాక. గమ్మీ మబ్బు కూడా అప్పటికి పూర్తిగా దిగకపోవచ్చు.

అన్నట్టు నీ 10 మిల్లీగ్రాముల సంగతి. ఆడవాళ్ల ఒంట్లోంచి ఈ మందు నెమ్మదిగా పోతుందని 2013లోనే ఇక్కడ ఆడవాళ్లకి మొదలుపెట్టే డోసు 5కి తగ్గించారు. గమ్మీ మాట పక్కనపెట్టినా, ఇక్కడి డాక్టరుతో ఈ విషయం మాట్లాడు.

సీబీడీ సంగతి వేరు. అదీ గంజాయి మొక్కలోదే అయినా మత్తివ్వదు, అందుకే అందరికీ ధైర్యం. కానీ మందుల్ని కరిగించే కాలేయపు ఎంజైముల్లో కొన్నింటిని అది అడ్డుకుంటుంది. అప్పుడు మాత్ర డోసు అదే అయినా ఒంట్లో మందు ఎక్కువసేపు, ఎక్కువగా మిగులుతుంది. మూర్ఛకి వాడే శుద్ధ సీబీడీ మందు 2018లో ఆమోదం పొందింది. దాన్ని మూర్ఛకే వాడే క్లోబజామ్ అనే ఇంకో మందుతో కలిపి ఇచ్చినప్పుడు, క్లోబజామ్ నుంచి పుట్టే మత్తు పదార్థం రక్తంలో దాదాపు మూడింతలైంది, రోగులు బాగా మగతగా ఉన్నారు. అక్కడ వాడేది రోజుకి వందల మిల్లీగ్రాములు. నువ్వు నాలుక కింద వేసుకునే 20, 25 మిల్లీగ్రాములకి అంత జరగకపోవచ్చు. అయితే ఇంటి నుంచి డయాజెపామ్, క్లోనజెపామ్ లాంటి ఆందోళన తగ్గించే మాత్రలు తెచ్చుకుని రోజూ వాడేవాళ్లు ఆ ధీమాతో ఉండకూడదు. పైగా కొవ్వు ఎక్కువున్న భోజనంతో తీసుకుంటే ఆ మూర్ఛమందు రక్తంలోకి నాలుగింతల దాకా ఎక్కువగా చేరింది. నెయ్యి దండిగా పోసుకున్న రాత్రి, ఖాళీ కడుపు రాత్రి ఒకటి కావు.

సీసా మీద రాసిన అంకెనీ పూర్తిగా నమ్మలేం. ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ సరుకుల్ని పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. మూడోవంతు కంటే తక్కువ వాటిలోనే లేబుల్ సరిగ్గా ఉంది, 18 సరుకుల్లో టీహెచ్‌సీ కూడా దొరికింది. ఉద్యోగంలో డ్రగ్ టెస్ట్ ఉంటే దాంతోనే పాజిటివ్ రావచ్చు.

ఇప్పటికే కలిపి వాడుతుంటే గమ్మీ, ఆయిల్ మానెయ్. డయాజెపామ్ లాంటి మాత్రలు రోజూ వాడేవాళ్లు మాత్రం వాటిని ఒక్కసారిగా ఆపకూడదు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. డాక్టరే మెల్లగా తగ్గించాలి. అపాయింట్‌మెంట్‌కి సీసా, గమ్మీ ప్యాకెట్ వెంట పట్టుకెళ్లి, ఎన్ని, ఏ టైముకి తీసుకుంటున్నావో చెప్పు. మాత్రల్లేకుండా అలవాట్లు, ఆలోచనలు మార్చే "సీబీటీ-ఐ" అనే నిద్ర చికిత్స గురించి అడుగు. దీర్ఘకాలపు నిద్రలేమికి ఇక్కడ ముందు సిఫార్సు చేసేది అదే. ఎవరైనా కలిపి వేసుకుని ఎంత లేపినా లేవకపోతే, ఊపిరి నెమ్మదిస్తే వెంటనే 911. మనిషి మెలకువగానే ఉండి టెన్షన్‌గా ఉంటే పాయిజన్ కంట్రోల్ 1-800-222-1222, ఫోన్ ఉచితం, రాత్రి పగలు ఎత్తుతారు.

ఇంకొక్కటి. న్యూజెర్సీలో 21 దాటినవాళ్లకి గంజాయి చట్టబద్ధమే, కానీ ఫెడరల్ చట్టంలో ఇంకా నేరం. ఇమిగ్రేషన్ చూసేది ఫెడరల్ చట్టాన్ని. వీసా, గ్రీన్‌కార్డు దారిలో ఉన్నవాళ్లు వాడినట్టు ఒప్పుకున్నా ఇబ్బంది రావచ్చు, లాయర్ని అడగనిదే ముట్టుకోవద్దు. సెలవుకి ఇంటికెళ్లేటప్పుడు గమ్మీలు పెట్టెలో పెట్టుకోవద్దు. అక్కడ మత్తుపదార్థాల మీద ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది, దుబాయ్ మీదుగా వెళ్తే ఆ చట్టాలూ కఠినమే.