ఎన్‌పీటీ మీద ప్రశ్న వస్తే ఏం రాయాలి?

"సార్, తిరుపతిలో రూమ్ తీసుకుని గ్రూప్-1కి చదువుతున్నా. అంతర్జాతీయ ఒప్పందాల ప్రశ్నలకి సంవత్సరాలు, సభ్యదేశాలు అన్నీ రాసినా టెస్ట్ సిరీస్‌లో సగం మార్కులు కూడా రావట్లేదు. ఏం తప్పు చేస్తున్నా?"

నువ్వు ప్రిలిమ్స్‌కి చదివిందే మెయిన్స్‌లో దించుతున్నావమ్మా. దిద్దేవాళ్ళకి కావాల్సింది ఆ ఒప్పందం ఎందుకు పుట్టింది, దాని చెయ్యి ఎక్కడిదాకా పోతుంది, దానివల్ల ఏం మారింది అన్నది. ఎన్‌పీటీ, అంటే అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందాన్నే తీసుకుందాం.

1968లో సంతకాలు మొదలై 1970లో అమల్లోకి వచ్చింది, దీనికి ఒక వాక్యం చాలు. అసలు విషయం ఏమిటంటే ఇదొక బేరం: అణుబాంబులు లేని దేశాలు ఇకమీదట చేసుకోబోమని మాటిచ్చాయి, బదులుగా శాంతియుత అణుశక్తికి సాయం దొరుకుతుంది, బాంబులున్న ఐదు దేశాలు నిరాయుధీకరణ వైపు చర్చలు జరుపుతామన్నాయి. ఆ ఐదు ఎవరంటే 1967 జనవరి 1కి ముందు పరీక్ష చేసినవాళ్ళు. మనం పరీక్ష చేసింది 1974లో, అంటే చేరాలనుకుంటే బాంబులు వదులుకునే చేరాలి. ఇది వివక్ష అని భారత్ అనడానికి కారణం ఆ తేదీయే, ఇది తప్పకుండా రాయి.

పరిమితుల దగ్గరే చాలామంది "అగ్రదేశాల ఆధిపత్యం" అని రాసి వదిలేస్తారు, నాకైతే ఒళ్ళు మండుతుంది. నిబంధనలతో చెప్పు. నిరాయుధీకరణ గురించి చెప్పే ఆరో అధికరణంలో గడువే లేదు. పదో అధికరణం ప్రకారం మూడు నెలల ముందు నోటీసిచ్చి బయటికి పోవచ్చు, ఉత్తర కొరియా 2003లో వైదొలుగుతున్నామని ప్రకటించి 2006లో బాంబు పేల్చింది. తనిఖీలు చేసే ఐఏఈఏ శిక్ష వెయ్యలేదు, భద్రతా మండలికి నివేదించగలదు అంతే, అక్కడ వీటో ఉన్నదీ ఆ ఐదుగురికే.

ఇక ఫలితాలు. ఒప్పందం పూర్తిగా విఫలమైందని రాస్తే మార్కులు పోతాయి, ఎందుకంటే దక్షిణాఫ్రికా తన బాంబులు తనే విప్పేసి 1991లో చేరింది, సోవియట్ విడిపోయాక ఉక్రెయిన్, కజకిస్తాన్, బెలారస్ తమ గడ్డమీదున్న అణ్వస్త్రాలు వదులుకుని చేరాయి. మన మీద ప్రభావం వేరే పేరా పెట్టు: 1974 పరీక్ష తర్వాత అణు సరఫరాదారుల బృందం ఏర్పడి మనకి ఇంధనం, పరికరాలు దొరకడం కష్టమైంది, 2008లో సంతకం పెట్టకుండానే మినహాయింపు వచ్చింది. అయినా బయటనుంచి తెచ్చిన యురేనియం ఐఏఈఏ తనిఖీ ఉన్న రియాక్టర్లలోనే వాడాలి, తనిఖీ లేనివాటికి సొంత గనులే దిక్కు. మన పక్క కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతున్న సంగతి ఇక్కడ ఒక ముక్క కలిపితే బాగుంటుంది, సాగదీయకు.

రాశాక ఎన్‌పీటీ పేరు చెరిపి అక్కడ డబ్ల్యూటీవో అని పెట్టి చదువు. అప్పుడూ అర్థం కుదిరిన వాక్యాలన్నీ కొట్టేసి, ఆ జాగాలో ఒక అధికరణమో, ఒక దేశం ఉదాహరణో రాయి.