ఉజ్జాయింపు అంకెలతో ఈఓక్యూ వేస్తే వైవాలో నిలబడుతుందా?

ప్రశ్న: మాది రామచంద్రపురం. ఎంబీఏ చివరి ఏడాది. మండపేట దగ్గర ఒక రైస్ మిల్లులో బియ్యం నింపే ఖాళీ సంచుల కొనుగోలు మీద ప్రాజెక్టు చేస్తున్నాను. ఒక్కసారికి ఎన్ని తెప్పిస్తే మొత్తం ఖర్చు అన్నిటికన్నా తక్కువవుతుందో చెప్పే ఈఓక్యూ లెక్క వేయాలి. ఒక్కో ఆర్డరుకు ఖర్చెంత అని అడిగితే గుమాస్తా గారు "ఎనిమిది వందలు వేసుకోమ్మా" అన్నారు. నిల్వ ఖర్చు కూడా అంతే, నోటి లెక్క. వైవాలో దొరికిపోతానేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ అంకెలను దాచకండి. అవి తప్పయితే మిల్లుకు ఎంత నష్టమో లెక్కకట్టి చూపించండి.

ఏడాదికి కావలసినవి D = 40,000 సంచులు, ఆర్డరుకు ఖర్చు S = రూ.800, ఒక సంచిని ఏడాది నిల్వ ఉంచడానికి H = రూ.4 అనుకుందాం. Q = √(2DS/H) ప్రకారం ఒక్కసారికి 4,000 సంచులు తెప్పించాలి. పది ఆర్డర్లకు రూ.8,000. గోదాములో సగటున 2,000 సంచులుంటాయి కాబట్టి నిల్వకు ఇంకో రూ.8,000. మొత్తం రూ.16,000.

ఇప్పుడు ఆర్డరు ఖర్చును పొరపాటున రెట్టింపు, అంటే రూ.1,600 వేశారనుకోండి. వర్గమూలం వల్ల పరిమాణం రెట్టింపు కాదు, 5,657 దగ్గర ఆగుతుంది. అలా కొంటే ఆర్డర్లకు రూ.5,657, నిల్వకు రూ.11,314, మొత్తం రూ.16,971 అవుతుంది. అంచనా నూరు శాతం తప్పినా అదనపు ఖర్చు 6 శాతమే. ఒక ఖర్చు పెరుగుతుంటే రెండోది తగ్గుతూ చాలావరకు సర్దేస్తుంది. రూ.800 బదులు రూ.400 వేసినా, నిల్వ ఖర్చు రూ.4 బదులు రూ.8 వేసినా పరిమాణం 2,828కి తగ్గుతుంది, నష్టం మాత్రం అదే 6 శాతం.

చాలామంది పొరబడేది ఇక్కడే. తప్పు అంకెతో పరిమాణం కనుక్కున్నాక, మొత్తం ఖర్చు కూడా ఆ తప్పు అంకెతోనే వేసేస్తారు. అప్పుడు రూ.22,627 వచ్చి, 41 శాతం నష్టమని కంగారు పడతారు. మిల్లు చేతి నుంచి నిజంగా పోయేది ఆర్డరుకు రూ.800 చొప్పునే కదా. కాబట్టి పరిమాణం తప్పు అంకెతో, ఖర్చు అసలు అంకెతో వేయాలి.

రెండు అంకెలూ ఒకేసారి తప్పితే ఎటు తప్పాయో చూడాలి. రెండూ రెట్టింపయితే పరిమాణం 4,000 దగ్గరే ఉంటుంది, నష్టమే లేదు. ఆర్డరు ఖర్చు రెట్టింపయి, నిల్వ ఖర్చు రూ.2కి సగమైతే 8,000 సంచులు వస్తాయి, ఖర్చు రూ.20,000. ఇది 25 శాతం ఎక్కువ. కాబట్టి గుమాస్తా గారి దగ్గర మళ్లీ కూర్చున్నప్పుడు, ఒక ఖర్చు ఎక్కువగా, రెండోది తక్కువగా చెబుతున్నారేమో కనిపెట్టండి. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ వడ్డీని, ఎలుకలు కొరికిన సంచులను నిల్వ ఖర్చులో కలిపారా అని అడగండి.

ఈ వెసులుబాటు ఖర్చుల అంచనాలకే. ఈఓక్యూ వాడకం ఏడాదంతా ఒకేలా ఉంటుందనుకుంటుంది. మీ మిల్లులో సార్వా, దాళ్వా కోతల తర్వాత సంచుల వాడకం బాగా పెరుగుతుంటే ఆ నెలలకు లెక్క వేరుగా వేయండి. ఎక్కువ కొంటే ధర తగ్గిస్తామని సరఫరాదారు అంటే, ఆ తగ్గింపును కూడా మొత్తం ఖర్చులో కలిపి మళ్లీ పోల్చి చూడాల్సిందే.