బార్ స్టాక్‌లో 18 సీసాల తేడా: జీతంలో కోయవచ్చా?

ప్రశ్న: అడ్వకేట్ గారూ, నేను హైదరాబాద్‌లో ఒక బార్‌లో స్టోర్ ఇన్‌చార్జ్‌ని. జీతం నెలకు 22,000. పోయిన నెల క్లోజింగ్ లెక్కలో ఒక విస్కీ 18 ఫుల్ బాటిళ్లు తక్కువ వచ్చాయి. 54,000 నేనే కట్టాలని, నెలకు 6,000 చొప్పున కోస్తామని ఓనరు అంటున్నారు. ఒక నెల కోసేశారు కూడా. ఖాళీ చెక్కు మీద, తెల్ల కాగితం మీద సంతకాలు తీసుకున్నారు. స్టోర్ తాళాలు రెండు. ఒకటి నా దగ్గర, ఒకటి క్యాష్ కౌంటర్‌లో ఉంటుంది. నా డ్యూటీ రాత్రి 9కి అయిపోతుంది, బార్ 12 దాకా నడుస్తుంది. కట్టకపోతే దొంగతనం కేసు పెడతామంటున్నారు. మేనేజరేమో వైన్ షాపులో కొనుక్కొచ్చి పెట్టేయమంటున్నాడు. ఒక్క సీసా కూడా నేను తీయలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. స్టాక్ షీట్ల ఫొటోలు పంపుతున్నాను. ఏం చేయాలి?

జవాబు: స్టాక్ తగ్గితే జీతంలో కోసుకోవడానికి చట్టంలో దారి ఉంది. అయితే దానికి కొన్ని షరతులున్నాయి. మీ ఓనరు వాటిలో ముఖ్యమైనవి పాటించినట్టు కనిపించడం లేదు.

2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. దాని 18వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగి భద్రతకు ప్రత్యేకంగా అప్పగించిన సరుకు పోయినప్పుడు, అది నేరుగా అతని నిర్లక్ష్యం వల్లో తప్పు వల్లో పోయిందని తేలితేనే జీతంలో కోత పెట్టాలి. 21వ సెక్షన్ ఇంకో రెండు మాటలు చెబుతుంది. కోసే ముందు ఉద్యోగి సంజాయిషీ అడగాలి. కోసే మొత్తం అసలు నష్టాన్ని మించకూడదు. 1936 నాటి పాత చట్టంలోనూ ఈ మాటలే ఉండేవి. మొత్తం కోతలు జీతంలో సగం దాటకూడదన్న నియమం కూడా ఉంది, కానీ 22,000లో 6,000 సగానికి చాలా తక్కువ కాబట్టి అది మీకు ఉపయోగపడదు. మీ బలమంతా అప్పగింత, నిర్లక్ష్యం, సంజాయిషీ అనే మూడు మాటల్లోనే ఉంది.

ముందు అప్పగింత సంగతి. స్టోర్ మీకు అప్పగించారనాలంటే, మీరు లేనప్పుడు అది తెరుచుకోకూడదు, లేదా తెరిచినవాళ్లు రాసిపెట్టాలి. మీరు వెళ్లిపోయాక మూడు గంటలు బార్ నడుస్తోంది. కౌంటర్‌లో రెండో తాళం ఉంది. బార్‌లో సరుకు ఎక్కువగా కదిలేది ఆ మూడు గంటల్లోనే. రాత్రి 10కి విస్కీ అయిపోతే బార్‌మ్యానో కెప్టెనో ఆ తాళంతోనే కదా తీస్తారు! అలా తీసిన సీసాలకు ఇష్యూ స్లిప్ ఉందా? మీరు పంపిన షీట్లలో పగటి ఇష్యూలకు సంతకాలు ఉన్నాయి, రాత్రి వాటికి ఒక్కటీ లేదు. ఆ ఖాళీ గడులే మీకు ముఖ్యమైన సాక్ష్యం. ఒరిజినల్ షీట్లు బార్‌లోనే ఉంచండి, బయటికి తేవద్దు. తేదీలు కనిపించేలా ప్రతి పేజీకీ ఫొటో తీసి పెట్టుకోండి.

ఇక ఆ 18 దగ్గరికి వద్దాం. షీట్లు పక్కపక్కన పెట్టుకుని లెక్క వేశాను. ఒకటో తారీఖున ఓపెనింగ్ 40 సీసాలు. నెలలో డిపో నుంచి వచ్చినట్టు రాసింది 6 పెట్టెలు, పెట్టెకు 12 చొప్పున 72. 31న క్లోజింగ్ 34. ఓపెనింగ్‌కి రాబడి కలిపి క్లోజింగ్ తీసేస్తే 78 సీసాలు ఖర్చయినట్టు. బిల్లింగ్‌లో అమ్మింది 1,500 చిన్న పెగ్గులు. 750 ఎంఎల్ సీసాకు 30 ఎంఎల్ పెగ్గులు 25 వస్తాయి కాబట్టి అది 60 సీసాలు. 78లో 60 పోతే 18. కూడికల్లో తప్పేమీ లేదు.

తప్పు తేదీల్లో ఉంది. ఆరో ఇన్వాయిస్ 31వ తేదీది. అందులో ఈ విస్కీ ఒక పెట్టె ఉంది. గేటు పుస్తకంలో మాత్రం ఆ బండి ఈ నెల ఒకటో తారీఖు ఉదయం లోపలికి వచ్చినట్టు ఉంది. అకౌంటెంట్ ఇన్వాయిస్ తేదీ చూసి దాన్ని పోయిన నెల రాబడిలో వేశాడు. మీరు 31 రాత్రి లెక్కపెట్టినప్పుడు ఆ 12 సీసాలు స్టోర్‌లోనే లేవు. అంటే 18లో 12 అసలు పోనేలేదు, ఈ నెల లెక్కలో అవి ఎక్కువగా కనిపిస్తాయి. ఈ నెల ఓపెనింగ్ షీటు వెంటనే చూడండి. 34 బదులు 46 అని ఉంటే మీ సగం కేసు అక్కడే తేలిపోతుంది. డిపోకి ఆర్డరు పెట్టే నెలాఖరు ఇండెంట్, క్లోజింగ్ లెక్క ఒకే రోజు పడిన చోట ఇలాంటి తేడా చాలా తరచుగా వస్తుంది. నా దగ్గరికి వచ్చే స్టాక్ గొడవల్లో నేను మొదట అడిగేది గేటు పుస్తకమే.

మిగిలినవి 6 సీసాలు. మీ బార్‌లో పెగ్ మెజర్ వాడకుండా సీసాతోనే పోస్తారని రెండో మెసేజ్‌లో రాశారు. ఒక్కో పెగ్గుకు 2 ఎంఎల్ ఎక్కువ పడినా 1,500 పెగ్గులకు 3,000 ఎంఎల్, అంటే సరిగ్గా 4 సీసాలు. నిజంగా 2 ఎంఎలే పడిందని ఎవరూ చెప్పలేరు. కానీ మెజర్ ఇవ్వని యజమాని ఆ తరుగును స్టోర్ మనిషి నిర్లక్ష్యంగా చూపించలేడు. పోసింది మీరు కాదు, మీ చేతిలోంచి సీసా సీలుతోనే వెళ్లింది. ఇక రెండు సీసాలు, 50 పెగ్గులు. ఓనరు గారి స్నేహితుల టేబుల్‌కి బిల్లు లేకుండా వెళ్లినవి ఉన్నాయని మీరే అన్నారు. ఏ రోజుల్లోనో గుర్తున్నంత వరకు రాయండి. గుర్తులేనివి ఊహించి రాయవద్దు, ఒక్క తేదీ తప్పని తేలినా మిగతావి కూడా నమ్మరు.

54,000 ఎలా వచ్చిందో కూడా చూడండి. పెగ్గు 120 చొప్పున సీసాకు 3,000, పద్దెనిమిదింటికి 54,000. మీ ఇన్వాయిస్‌లో డిపో ధర సీసాకు 1,100. సీసా పోతే యజమాని జేబులోంచి పోయింది కొన్న ధరేనన్నది నేను చేసే వాదన. అమ్మితే వచ్చేది కూడా నష్టమేనని అవతలివాళ్లు అంటారు. ఆ వాదనలో నేను ఓడినా 18 సీసాల లెక్క నిలవదు. గెలిస్తే వివాదం రెండు సీసాలకు, 2,200 రూపాయలకు దిగుతుంది.

ఓనరు గారు ఆలోచించని విషయం ఇంకొకటి ఉంది. బార్ లైసెన్సు ఉన్నవాళ్లు సరుకు రాబడి, అమ్మకం, నిల్వల లెక్కలు నిజంగా రాసి, ఎక్సైజ్ అధికారులు తనిఖీకి వస్తే చూపించాలి. ఆ రిజిస్టర్‌లో పోయిన నెలకు తేడా ఏమీ లేదని రాసి, మీ దగ్గర మాత్రం 18 సీసాలు పోయాయంటే రెండింటిలో ఒకటి అబద్ధం. క్లెయిమ్ వేసినప్పుడు ఆ రిజిస్టర్ తెప్పించమని అడగవచ్చు. దాన్ని బెదిరింపుగా మాత్రం వాడవద్దు. ‘ఎక్సైజ్‌కి చెబుతా, నా డబ్బు వదిలెయ్’ అని ఒక్క మెసేజ్ పెట్టినా మీ మీదే ఇంకో ఫిర్యాదు వస్తుంది.

మేనేజరు చెప్పిన పని అస్సలు చేయకండి. బార్ అమ్మాల్సింది తన లైసెన్సు మీద డిపో నుంచి ఎత్తిన సరుకునే. సీసా మూత మీది ఎక్సైజ్ లేబుల్‌తో అది ఏ దారిలో వచ్చిందో కనుక్కునే ఏర్పాటు ఉంది. షాపు సరుకు బార్ స్టోర్‌లో దొరికితే లైసెన్సుకు ముప్పు. తెచ్చి పెట్టింది మీరే కాబట్టి అందరూ మిమ్మల్నే చూపిస్తారు. పైగా తెచ్చి పెట్టడం అంటే మీరే పోగొట్టినట్టు ఒప్పుకున్నట్టు.

ఇక పోలీసు కేసు భయం. ఉద్యోగి తనకు అప్పగించిన సొమ్ము కాజేస్తే భారతీయ న్యాయ సంహిత 316(4) కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. లెక్కలో తేడా వచ్చినంత మాత్రాన అది రుజువు కాదు, దురుద్దేశంతో వాడుకున్నారని చూపించాలి. కానీ అప్పగింత రుజువై, లెక్క అడిగితే మీరు నోరు మెదపకపోతే ఆ మౌనం మీకే ఎదురు తిరుగుతుంది. అందుకే ఇప్పుడే రాతలో జవాబు ఇవ్వండి. ఏడేళ్ల దాకా శిక్షపడే నేరాల్లో పోలీసులు సాధారణంగా ముందు నోటీసు ఇచ్చి పిలవాలి. నోటీసు వస్తే తప్పించుకోకుండా వకీలుతో వెళ్లండి.

ఖాళీ చెక్కు విషయం మీరు తేలిగ్గా తీసుకున్నట్టున్నారు. ఖాళీగా ఇచ్చానన్న ఒక్క మాటతో బయటపడలేరు. సంతకం మీదైతే చెక్కు బాకీ కోసమే ఇచ్చారని కోర్టు ముందుగా అనుకుంటుంది, కాదని చూపించాల్సింది మీరు. కాబట్టి ఈ వారంలోనే ఓనరుకు స్పీడ్ పోస్టులో, రిజిస్ట్రేషన్‌తో ఉత్తరం పంపండి. చెక్కు నంబరు, సంతకం తీసుకున్న తేదీ, ఆ సమయంలో ఎవరున్నారు, ఓనరుకు మీరు ఏ బాకీ లేరని, చెక్కూ తెల్ల కాగితమూ తిరిగి ఇవ్వమని అందులో రాయండి. పైన వేసిన లెక్కను దానికి జత చేయండి. చెక్కు బౌన్స్ అయిందని డిమాండ్ నోటీసు వస్తే, చేతికందిన 15 రోజుల్లోపు జవాబు వెళ్లేలా చూసుకోండి.

కోసిన 6,000 కోసం లేబర్ డిపార్ట్‌మెంట్‌లో క్లెయిమ్ వేయండి. మీ ప్రాంత అసిస్టెంట్ లేబర్ కమిషనర్ ఆఫీసుకు వెళ్తే ఏ అధికారి ముందు వేయాలో చెబుతారు. గడువు మూడేళ్లు. చట్టం ఒప్పుకోని కోత పెట్టారని మీరు క్లెయిమ్ వేస్తే, వేతనాల కోడ్ 59వ సెక్షన్ ప్రకారం మీకు రావాల్సింది ఇచ్చేశామని రుజువు చేసే భారం యజమానిదే. కోసినదానితో పాటు పరిహారం ఇప్పించే అధికారం కూడా ఆ అధికారికి ఉంది.

మీరింకా అక్కడే పనిచేస్తున్నారు కాబట్టి రేపటి నుంచే లెక్క తీరు మార్చండి. రాత్రి హడావిడిలో కాకుండా పొద్దున బార్ తెరవకముందు, బండి రాని రోజున, కెప్టెన్ పక్కన ఉండగా లెక్కపెట్టండి. ఇండెంట్‌ను క్లోజింగ్‌కు రెండు రోజుల ముందో తర్వాతో పెట్టమని రాసి అడగండి. ఓపెన్ సీసాలను కంటితో ‘సగం, ముప్పావు’ అని రాయకండి, కిచెన్ కాటా మీద తూచండి. విస్కీ ఎంఎల్‌కు దాదాపు 0.95 గ్రాములు తూగుతుంది. ఖాళీ సీసా 480 గ్రాములుండి, ఇప్పుడు 765 చూపిస్తే లోపల ఉన్నది 285 గ్రాములు, అంటే 300 ఎంఎల్, 10 పెగ్గులు. రాత్రి 9కి వెళ్లేటప్పుడు ఎన్ని సీసాలు వదిలి వెళ్తున్నారో రాసి, కౌంటర్‌లో తాళం పెట్టుకునే మనిషి సంతకం తీసుకోండి. అతను పెట్టనంటే అదే రాత్రి ఆ అంకెను ఓనరు గారికి వాట్సాప్‌లో పంపి ఇంటికి వెళ్లండి.