సర్టిఫికెట్ ఇన్‌ఛార్జి జేబులో లేదు

ప్రశ్న: మెకానికల్ డిప్లొమా చేశాను. పటాన్‌చెరు దగ్గర ఒక ప్రైవేటు కర్మాగారంలో గత ఆగస్టు నుంచి ఏడాది అప్రెంటిస్‌గా ఉన్నాను. డిసెంబరు నుంచి మా సెక్షన్ ఇన్‌ఛార్జి తన కూతుర్ని స్కూలు నుంచి తీసుకురమ్మని, కారు కడగమని పంపుతున్నాడు. కాదంటే అందరి ముందూ బూతులు తిడతాడు. ‘నీ సర్టిఫికెట్ నా చేతిలో ఉంది, సంతకం పెట్టను’ అంటాడు. విసుగొచ్చి రోజువారీ నోట్‌బుక్ రాయడం కూడా మానేశాను. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. మానేసి వచ్చేస్తే వేరే కంపెనీ పేరుతో సర్టిఫికెట్ ఇప్పిస్తానని ఒక బంధువు అంటున్నారు. లేబర్ కోర్టుకు వెళ్ళవచ్చా? నా ఒప్పందం అప్రెంటిస్‌ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే నాట్స్ పోర్టల్‌లో నమోదైంది.
– ఒక పాఠకుడు, సంగారెడ్డి జిల్లా

జవాబు: మీ కేసును తేల్చేది మీ లేఖలోని ఆఖరి వాక్యం. ఒప్పందం నమోదైందంటే మీరు 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కిందికి వస్తారు. ఆ చట్టంలోని సెక్షన్ 21 ప్రకారం, డిప్లొమా చదివి శిక్షణ పూర్తి చేసినవారికి ప్రావీణ్య ధ్రువపత్రం ఇచ్చేది ప్రాంతీయ బోర్డు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లకు అది చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు. మీ శిక్షణ సంతృప్తికరంగా ఉందా లేదా అని చూడవలసిందీ ఆ బోర్డే. మీ ఇన్‌ఛార్జి మీ పనితీరు గురించి పైవాళ్ళకు చెడుగా చెప్పగలడు, కంపెనీ ఆ మాట బోర్డుకు చేరవేయగలదు. అతని అధికారం అంతవరకే. తన దగ్గర లేని దాన్ని చూపించి ఇన్నాళ్ళూ మిమ్మల్ని భయపెట్టాడు.

అతను స్వయంగా రాసిచ్చే సిఫారసు లేఖ సంగతి వేరు. మంచిగా రాసివ్వమని ఎవరినీ ఏ చట్టమూ నిర్బంధించదు. దాని మీద ఆశ ఇప్పుడే వదులుకోండి. చట్టం ఇచ్చే ధ్రువపత్రానికీ, అతను ఇచ్చే పొగడ్త కాగితానికీ సంబంధం లేదు.

లేబర్ కోర్టు మీకు దారి కాదు. సెక్షన్ 18 ప్రకారం అప్రెంటిస్ శిక్షణార్థి మాత్రమే, కార్మికుడు కాదు. ఒప్పందం నుంచి పుట్టిన వివాదం ఏదైనా సెక్షన్ 20 కింద, ఈ చట్టం అమలును చూసే ప్రభుత్వ అధికారి అయిన అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ ముందుకు వెళ్ళాలి. మీ ఫిర్యాదు చేరవలసిన చోటు అదే.

అక్కడ ఏమని ఫిర్యాదు చేస్తారు? తిట్ల గురించే నాలుగు పేజీలు రాస్తే ‘నేను అనలేదు’ అన్న ఒక్క మాటతో అతను తప్పించుకుంటాడు. శిక్షణతో సంబంధం లేని పని అప్రెంటిస్‌తో చేయించడం సెక్షన్ 30 కింద నేరం. 2014 సవరణ తర్వాత దానికి ప్రతి సందర్భానికీ 1000 రూపాయల జరిమానా. మొత్తం చిన్నదే. అయినా జరిమానా పడేది యజమాని మీద, అంటే కంపెనీ మీద. తమ ఇన్‌ఛార్జి సొంత పనులకు తాము జవాబు చెప్పుకోవడం ఏ యాజమాన్యానికీ నచ్చదు. కనుక కారు, స్కూలు సంగతి ముందు పెట్టండి, తిట్లు తర్వాత రాయండి.

రుజువు ఎలా చేయాలో చెబుతాను. అతను మిమ్మల్ని స్కూలుకు పంపేటప్పుడు వాట్సాప్‌లో ఏమైనా రాశాడా? మధ్యాహ్నం 3.20కి ‘పాపను తీసుకురా’ అన్న సందేశం మీ ఫోనులో ఉండి, గేటు రిజిస్టరులో అదే రోజు 3.30కి మీరు బయటికి వెళ్ళి 4.15కి తిరిగి వచ్చినట్టు ఉంటే, ఆ రెండూ కలిసి ఒక పూర్తి సాక్ష్యం. రిజిస్టరు కంపెనీ దగ్గర ఉంటుంది కాబట్టి దాన్ని తెప్పించమని అడ్వైజర్‌ను రాతపూర్వకంగా కోరండి. సందేశాలు తుడిచేయకండి. ఆ ఫోను అమ్మకండి, రీసెట్ చేయకండి. రేపు విషయం కోర్టుకు వెళితే, భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం జతచేయాలి. అప్పుడు అసలు ఫోను మీ దగ్గర లేకపోతే స్క్రీన్‌షాట్ల మీద అనుమానాలు మొదలవుతాయి.

ఇక మీ నోట్‌బుక్. దీనికి మాత్రం మిమ్మల్ని మందలించక తప్పదు. చేసిన పనిని ఏ రోజుకు ఆ రోజు రాసుకోవడం నిబంధనల ప్రకారం మీ బాధ్యత. అది మీకు దొరికిన అతి చవకైన సాక్ష్యం కూడా. ‘యంత్రం మీద పని ఇవ్వలేదు, కారు కడగమన్నారు’ అని ఆ రోజే ఒక్క పంక్తి రాసి ఉంటే చాలా బరువుండేది. విసుగుతో మీరు దాన్ని వదిలేసి, శిక్షణలో అశ్రద్ధ చూపారని అనడానికి అవతలివారికి అవకాశం ఇచ్చారు. ఇప్పుడు కూర్చుని ఒకే పెన్నుతో డిసెంబరు నుంచి వెనక తేదీలు వేసి నింపకండి. అది పట్టుబడితే మీ నిజం కూడా అబద్ధంగా కనిపిస్తుంది. ఖాళీని ఖాళీగానే వదిలేసి, ఈ రోజు తేదీతో ఒక వివరణ రాయండి. ఫోనులోని సందేశాలు చూసి ఏ తేదీన ఏ పని చేయించారో అందులో రాసి సంతకం పెట్టండి. రేపటి నుంచి రోజూ నోట్‌బుక్ రాయండి.

మానేసి రావడం, బంధువు ఇప్పించే సర్టిఫికెట్... ఈ రెండూ మీ కేసును చంపేస్తాయి. చెప్పకుండా మానేస్తే ఒప్పందం తప్పినవారు మీరవుతారు. అలా ఒప్పందం రద్దయితే శిక్షణ ఖర్చు కింద అడ్వైజర్ తేల్చిన మొత్తాన్ని కంపెనీకి మీరే తిరిగి కట్టవలసి రావచ్చు. అదే యజమాని తప్పు వల్ల రద్దయితే పరిహారం మీకు వస్తుంది. ఇక పని చేయని కంపెనీ పేరుతో సర్టిఫికెట్ పుట్టిస్తే అది ఫోర్జరీ. మోసం చేయడానికి ఫోర్జరీ చేస్తే భారతీయ న్యాయ సంహిత కింద 7 ఏళ్ళ వరకు శిక్ష పడవచ్చు. నకిలీదని తెలిసి దాన్ని ఉద్యోగానికి చూపినవారికీ అదే శిక్ష. ఇప్పటిదాకా బాధితులుగా ఉన్న మీరు ఆ కాగితంతో ముద్దాయి అవుతారు. బంధువుకు ఈ రోజే వద్దని చెప్పండి. అలాగే, ‘వ్యక్తిగత కారణాల వల్ల వెళ్ళిపోతున్నాను’ అన్న కాగితం ఎవరైనా ముందు పెడితే దాని మీద సంతకం పెట్టకండి.

గడువు మాట. ఈ చట్టం కింద నేరానికి కోర్టులో ఫిర్యాదు వేయగలిగింది అడ్వైజర్ లేదా ఆ శాఖలోని తగిన హోదా గల అధికారి మాత్రమే. అదీ నేరం జరిగిన నాటి నుంచి 6 నెలల లోపే వేయాలి. మీరు ఈ మే నెలలో కదిలితే డిసెంబరు తొలి వారం సంఘటన కూడా పనికొస్తుంది. జూన్ వస్తే పాత సంఘటనలు ఒక్కొక్కటిగా గడువు దాటిపోతాయి. పైగా అడ్వైజర్ కార్యాలయానికి కూడా కొంత సమయం కావాలి. శిక్షణ ముగిశాక చూద్దామనుకుంటే ఆగస్టు నాటికి సగం రుజువు వృథా.

ముందుగా కంపెనీ మానవ వనరుల విభాగాధిపతికి ఈమెయిల్ పంపండి. తేదీలు, చేయించిన పనులు, సర్టిఫికెట్ ఆపుతానన్న బెదిరింపు రాసి, మిమ్మల్ని వేరే సెక్షన్‌కు మార్చమని కోరండి. వారం చూడండి. కదలిక లేకపోతే ఒప్పందం నంబరు, ఆ ఈమెయిల్ నకలు, సందేశాల నకళ్ళు జతచేసి, సెక్షన్ 20 కింద నిర్ణయం కోరుతూ అడ్వైజర్‌కు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఈలోగా ఒక్క రోజు కూడా గైర్హాజరు కాకండి. నిర్ణయం మీకు వ్యతిరేకంగా వస్తే, అది మీకు తెలియజేసిన తేదీ నుంచి 30 రోజుల్లో అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఆ తేదీని రుజువు చేసేది ఉత్తరం వచ్చిన కవరు, కనుక దాన్ని కూడా ఫైలులో పెట్టుకోండి.